ఊరు దాటినా ఇంటి ఫైళ్లు అందాలంటే: రౌటర్‌లో సొంత వీపీఎన్ సర్వర్

వీపీఎన్ అనగానే చాలామందికి నెలనెలా చందా కట్టి వాడుకునే సేవలే గుర్తొస్తాయి. ఆ సేవల్లో మన ల్యాప్‌టాప్ నుంచి బయలుదేరిన డేటా ఆ సంస్థ సర్వర్ వరకు రహస్యంగా వెళ్ళి, అక్కడి నుంచి మామూలు ఇంటర్నెట్‌లో కలిసిపోతుంది. ఇంటి రౌటర్‌లోనే వీపీఎన్ సర్వర్‌ను నడపడం వేరే సంగతి. ఇక్కడ ఆ రహస్య మార్గం రెండో కొస మన ఇంట్లోనే ఉంటుంది. హోటల్ గదిలో కూర్చున్న ల్యాప్‌టాప్ మన హాల్లోని రౌటర్‌కు తీగతో కలిపినట్టుగానే ప్రవర్తిస్తుంది. ఇంట్లోని హార్డ్ డిస్క్, అందులోని ఫోల్డర్లు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. మధ్యలో మూడో సంస్థ ఏదీ ఉండదు కాబట్టి ఎవరినీ నమ్మవలసిన పని లేదు, కానీ తలుపు కాపలా బాధ్యత పూర్తిగా మనదే అవుతుంది.

అసలు వీపీఎన్ ఎందుకు, రౌటర్‌లో ఒక పోర్ట్ తెరిచి ఫైల్ సర్వర్‌ను నేరుగా బయటికి చూపిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445వ పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన కంప్యూటర్లను వెతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటాయి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఈ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండానే; ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే మరో రాన్సమ్‌వేర్, ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే నాస్ పెట్టెల్లో ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్నవాటిని పట్టుకుని ఫైళ్లకు తాళం వేసింది. ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెద్దది, లోపాలు బయటపడుతూనే ఉంటాయి, వాటిని ఎప్పటికప్పుడు సరిచేసుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. అందుకే బయటికి కనిపించేది వీలైనంత చిన్న ప్రోగ్రాము అయి ఉండాలి, పరిచయం లేనివాళ్లకు అది అసలు జవాబే చెప్పకూడదు.

ఈ రెండు లక్షణాలూ ఉన్నది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాము. 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6తో అది కెర్నల్‌లోనే భాగమైంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకున్న రౌటర్లలోనూ, కొన్ని కంపెనీల రౌటర్ల సొంత మెనూల్లోనూ ఇప్పుడు సులభంగా దొరుకుతుంది. ఇందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండవు. ప్రతి పరికరానికీ ఒక జత కీలు ఉంటాయి: ప్రైవేట్ కీ ఆ పరికరంలోనే ఉండిపోతుంది, పబ్లిక్ కీని అవతలి పక్కకు ఇస్తాం. తనకు తెలిసిన కీతో వచ్చిన ప్యాకెట్‌కు తప్ప వైర్‌గార్డ్ దేనికీ బదులివ్వదు. వెతుకుతూ తిరిగే ప్రోగ్రాముకు అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా తెలియదు. రౌటర్‌లో ఓపెన్‌వీపీఎన్ ఒక్కటే ఉంటే అదీ నమ్మదగినదే, కాకపోతే చిన్న ప్రాసెసర్ల మీద నెమ్మదిగా నడుస్తుంది. పాత రౌటర్లలో కనిపించే పీపీటీపీ మాత్రం వద్దు. దాని పాస్‌వర్డ్ పద్ధతిని ఛేదించడం చాలా ఏళ్ల క్రితమే తేలికైపోయింది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక అంతటితో తేలిపోతుంది. మన దేశంలో ఈ ప్రయత్నాలు ఆగిపోయేది చాలావరకు వేరే చోట: బయటి నుంచి మన ఇంటికి చేరడానికి ఒక చిరునామా ఉందా లేదా అన్న దగ్గర.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఇల్లు ఉన్న దంపతులు పని మీద తరచూ బెంగళూరుకు, ఏడాదికోసారి పిల్లల దగ్గరికి డాలస్‌కు వెళ్తారు. పొలం కాగితాల స్కాన్లు, ఆదాయపు పన్ను పత్రాలు, కుటుంబం ఫోటోలు అన్నీ ఇంట్లోని ఒక చిన్న నాస్ పెట్టెలో ఉన్నాయి. ఇంటర్నెట్ సంస్థ బిగించిన ఫైబర్ పెట్టె ఒకటి, దాని వెనుక వాళ్లు కొనుక్కున్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ ఒకటి ఉన్నాయి. వాళ్లు మొదట చూడవలసింది రౌటర్ స్టేటస్ పేజీలో WAN దగ్గర కనిపించే ఐపీ చిరునామా. ఆ తర్వాత అదే ఇంటి వైఫై నుంచి, మన ఐపీ ఏమిటో చూపించే ఏదైనా వెబ్‌సైట్ తెరిచి రెండూ పోల్చాలి. రెండూ ఒకటే అయితే పని సగం అయినట్టే. రౌటర్‌లో 192.168తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే ముందున్న ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌గా పనిచేస్తోందని అర్థం. దాన్ని రౌటర్ పని మానేసే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చమని సంస్థను అడిగి, లాగిన్ వివరాలను మన రౌటర్‌లో ఇచ్చుకోవాలి. అప్పుడు మళ్లీ పోల్చి చూడాలి.

ఈ ఇంట్లో బ్రిడ్జ్ మోడ్ తర్వాత రౌటర్‌లో కనిపించింది 100.72తో మొదలయ్యే చిరునామా. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలన్నీ ఇంటర్నెట్ సంస్థలు తమ లోపలి వాడకానికి ఉంచుకున్నవి, 2012లో ఆ పనికే కేటాయించినవి. ఈ ఏర్పాటును సీజీనాట్ అంటారు. వందల ఇళ్లకు కలిపి బయట ఒకే చిరునామా ఉంటుంది: పెద్ద అపార్ట్‌మెంట్‌కు గేటు ఒక్కటే ఉండి, ఫ్లాట్ నంబరు లేకుండా వచ్చిన ఉత్తరాన్ని వాచ్‌మన్ వెనక్కి పంపేసినట్టు, మన ఇల్లు మొదలుపెట్టని సంభాషణ ఏదీ లోపలికి రాదు. మన రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ప్యాకెట్ ఆ రౌటర్ దాకా రానే రాదు. మారే ఐపీని ఎప్పటికప్పుడు ఒకే పేరుకు కలిపే డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు పెట్టుకున్నా అది గేటు దగ్గరికే చేరుస్తుంది. గంటలకొద్దీ సెట్టింగులు మార్చి విసిగిపోయేవాళ్లలో చాలామంది ఈ పోలికను ముందుగా చూడనివాళ్లే.

సీజీనాట్ ఉన్నప్పుడు దారులు మూడు. అన్నిటికంటే సూటిది స్టాటిక్ ఐపీ, అంటే మన ఒక్కరికే చెందిన మారని చిరునామా కోసం సంస్థను అడగడం. చాలా సంస్థలు అదనపు రుసుము మీద ఇస్తాయి, కొన్ని వ్యాపార కనెక్షన్లకే ఇస్తాయి. నా అభిప్రాయంలో ఫైళ్లు పనికి అవసరమైనవాళ్లు ఈ రుసుము కట్టడమే మేలు, తర్వాత వచ్చే చిక్కులు సగం తగ్గుతాయి.

రెండో దారి ఐపీవీ6, దీన్ని మనవాళ్లు తక్కువగా వాడుకుంటున్నారు. చాలా ఫైబర్ కనెక్షన్లు ఐపీవీ4ను పంచి ఇచ్చినా, ఐపీవీ6లో మాత్రం ప్రతి ఇంటికీ బయటి నుంచి నేరుగా చేరగల సొంత చిరునామా ఇస్తాయి. వైర్‌గార్డ్ బయటి ప్యాకెట్ ఐపీవీ6లో ప్రయాణిస్తూ, లోపల మన ఇంటి పాత ఐపీవీ4 చిరునామాలనే మోసుకుపోగలదు కాబట్టి నాస్‌లో ఏమీ మార్చనక్కరలేదు. రౌటర్‌లో బయటి వైపు నుంచి వైర్‌గార్డ్ కోసం వచ్చే 51820 యూడీపీ పోర్ట్‌ను ఐపీవీ6కు కూడా అనుమతించాలి, డైనమిక్ డీఎన్‌ఎస్‌లో ఐపీవీ6 చిరునామాను చెప్పే AAAA రికార్డు పెట్టాలి. ఇక్కడ పరిమితి అవతలి పక్క ఉంటుంది: హోటల్ వైఫైలు చాలావరకు ఐపీవీ4 మాత్రమే ఇస్తాయి, అక్కడి నుంచి ఈ చిరునామాకు చేరలేం. అయితే మన దేశంలో పెద్ద మొబైల్ నెట్‌వర్కులు ఐపీవీ6 ఇస్తాయి కాబట్టి బెంగళూరులో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే పని జరుగుతుంది. ఈ దంపతులకు స్వదేశీ ప్రయాణాల వరకు ఇది చాలు.

మూడోది, పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుని, ఇంటి రౌటరే దానికి ఫోన్ చేసినట్టు లోపలి నుంచి బయటికి కలిసి ఉండేలా చేయడం. సంభాషణ ఇంటి నుంచే మొదలవుతుంది గనుక సీజీనాట్ అడ్డురాదు; 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపే PersistentKeepalive = 25 అనే అమరిక ఆ దారిని మూసుకుపోకుండా ఉంచుతుంది. కానీ ఇంటి నుంచి వచ్చే మార్గం, ల్యాప్‌టాప్ నుంచి వచ్చే మార్గం రెండూ ఆ అద్దె సర్వర్‌లోనే ముగుస్తాయి కాబట్టి వైర్‌గార్డ్ పొర అక్కడ విప్పబడుతుంది. ఫైల్ షేరింగ్‌కు సొంత ఎన్‌క్రిప్షన్ లేకపోతే అందులోని డేటా ఆ సర్వర్ మీద అధికారం ఉన్నవాళ్లకు కనబడగలదు. అందుకే నాస్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి అయిన ఎస్‌ఎంబీ 3లో ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేయడమో, ఫైళ్లను రహస్యంగానే పంపే ఎస్‌ఎఫ్‌టీపీ వాడడమో చేయాలి. డాలస్ ప్రయాణానికి స్టాటిక్ ఐపీ దొరక్కపోతే, అక్కడి కనెక్షన్‌లో ఐపీవీ6 కూడా లేకపోతే ఈ దంపతులకు మిగిలేది ఇదే.

చిరునామా తేలాక, ప్రయాణానికి ముందే మార్చవలసినది ఇంకొకటి ఉంది: ఇంటి నెట్‌వర్క్ అంకెలు. చాలా రౌటర్లు 192.168.1 లేదా 192.168.0తో వస్తాయి, హోటళ్లవీ అవే. ఇంట్లో నాస్ 192.168.1.20 అయి, హోటల్ వైఫై కూడా 192.168.1 అయితే, ఆ చిరునామా పక్క గదిలో ఉందని ల్యాప్‌టాప్ అనుకుంటుంది. టన్నెల్, అంటే ఆ రహస్య మార్గం, చక్కగా కలిసి ఉన్నా ఫోల్డర్ తెరుచుకోదు. ఊళ్లో ఉండగా ఎప్పుడూ కనిపించని లోపం ఇది. విజయవాడ ఇంట్లో మొత్తం నెట్‌వర్క్‌ను 192.168.57కు మార్చారు, నాస్‌కు 192.168.57.20ను స్థిరంగా ఇచ్చారు, టన్నెల్‌కు 10.77.5 అనే వేరే వరుస తీసుకున్నారు. రౌటర్‌లో luci-proto-wireguard ప్యాకేజీ వేసి, కొత్త ఇంటర్‌ఫేస్‌కు 10.77.5.1/24 చిరునామా, 51820 పోర్ట్ ఇచ్చి, అక్కడే కీల జతను పుట్టించి, ల్యాప్‌టాప్ పబ్లిక్ కీని ఒక పీర్‌గా, అంటే అనుమతి ఉన్న అవతలి పరికరంగా చేర్చి, దానికి AllowedIPs దగ్గర 10.77.5.2/32 మాత్రమే రాశారు. ల్యాప్‌టాప్‌లో ఫైలు ఇలా ఉంటుంది:

```
[Interface]
PrivateKey = (ల్యాప్‌టాప్ ప్రైవేట్ కీ)
Address = 10.77.5.2/32

[Peer]
PublicKey = (రౌటర్ పబ్లిక్ కీ)
Endpoint = illu.example.net:51820
AllowedIPs = 192.168.57.0/24, 10.77.5.0/24
PersistentKeepalive = 25
```

ఇందులో AllowedIPs అన్న వరుస అర్థమైతే వైర్‌గార్డ్ సగం అర్థమైనట్టే. ఏ చిరునామాలకు వెళ్ళే డేటాను ఈ టన్నెల్‌లోకి పంపాలి, టన్నెల్ నుంచి వచ్చిన ఏ చిరునామాలను నమ్మాలి అన్న రెండు పనులూ అదే చేస్తుంది. పైన రాసినట్టు ఇంటి వరుసలు మాత్రమే ఇస్తే ఫైళ్లు ఇంటి నుంచి వస్తాయి, మిగిలిన బ్రౌజింగ్ హోటల్ నెట్‌వర్క్ మీదే నడుస్తుంది. 0.0.0.0/0, ::/0 అని ఇస్తే అంతా ఇంటి గుండానే పోతుంది. నమ్మకం లేని వైఫైలో అది మంచిదే, కానీ ప్రతి వీడియో ఇంటి అప్‌లోడ్ వేగం మీద ఆధారపడుతుంది, పైగా హోటల్ లాగిన్ పేజీ తెరుచుకోవడానికి ముందు టన్నెల్‌ను ఆపవలసి వస్తుంది. ఫైళ్లే అవసరమైనవాళ్లకు మొదటిదే తగినది.

రౌటర్ ఫైర్‌వాల్‌లో రెండు అనుమతులు కావాలి. బయటి నుంచి రౌటర్‌కే వచ్చే 51820 యూడీపీ ప్యాకెట్లను తీసుకోవాలన్నది ఒకటి, టన్నెల్ నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు దారి ఇవ్వాలన్నది రెండోది. రెండోదాన్ని ఇల్లంతటికీ తెరిచేయడం సులభం, చాలా మార్గదర్శకాలు అలాగే చెబుతాయి; ఆ సౌలభ్యం సరికాదని నా గట్టి నమ్మకం. ల్యాప్‌టాప్ పీర్‌కు 192.168.57.20 మీది 445వ పోర్ట్ ఒక్కటే అందేలా చేస్తే, రేపు ఆ ల్యాప్‌టాప్‌లో వైరస్ చేరినా ఇంట్లోని కెమెరాలకూ రౌటర్ అడ్మిన్ పేజీకీ పాకలేదు. అడ్మిన్ పేజీకి చేరే హక్కును వేరే పీర్‌గా చేర్చిన ఫోన్‌కు మాత్రమే ఇవ్వాలి. దాని ఉపయోగం తర్వాత తెలుస్తుంది.

పరీక్షించేటప్పుడు ఇంటి వైఫై మీద ఉండకూడదు. ఇంట్లో నుంచి ఇంటి బయటి చిరునామాకే వెళ్ళే ప్రయత్నాన్ని కొన్ని రౌటర్లు తిప్పి పంపవు, కొన్ని పంపుతాయి. రెండు ఫలితాలూ తప్పుదారి పట్టిస్తాయి. ఫోన్ మొబైల్ డేటాతో ల్యాప్‌టాప్‌ను కలిపి టన్నెల్ ఆన్ చేసి, వైర్‌గార్డ్ తెరమీద రెండు కొసలూ చివరిసారి పలకరించుకున్న సమయాన్ని చెప్పే latest handshake అన్న వరుస వచ్చిందేమో చూడాలి. రౌటర్‌లో wg show అని కొట్టినా అదే కనిపిస్తుంది.

ఆ వరుస రాలేదంటే చిరునామా, పోర్ట్, కీ ఈ మూడింటిలో ఒకటి తప్పు. వైర్‌గార్డ్ మౌనం ఇక్కడ మనకే ఇబ్బంది కలిగిస్తుంది, ఎందుకంటే తప్పు కీకి కూడా అది జవాబు చెప్పదు. వీటిని విడదీయడానికి, రౌటర్‌లో tcpdump ప్యాకేజీ వేసుకుంటే, ఈ ఆదేశం పనికొస్తుంది. ఇందులో pppoe-wan బదులు మన రౌటర్‌లో బయటి ఇంటర్‌ఫేస్ పేరు ఏదైతే అది రాయాలి:

```
tcpdump -ni pppoe-wan udp port 51820
```

ల్యాప్‌టాప్ ప్రయత్నిస్తున్నా తెర ఖాళీగా ఉంటే ప్యాకెట్ ఇంటికి చేరడం లేదు, అంటే చిక్కు చిరునామాది లేదా దారిది. ప్యాకెట్లు వస్తూ బదులు వెళ్ళకపోతే మన ఫైర్‌వాల్‌నూ కీలనూ చూసుకోవాలి.

హ్యాండ్‌షేక్ జరిగి ఫోల్డర్ తెరుచుకోకపోతే కారణాలు వేరు. నాస్ పేరుతో వెతికితే దొరకదు, ఆ పేర్లను ఇంటి నెట్‌వర్క్‌లో కేక వేసినట్టుగా కనుక్కుంటారు, ఆ కేక టన్నెల్ దాటదు, \\192.168.57.20 అని అంకెలతోనే తెరవాలి. ఫైళ్లు నాస్‌లో కాక విండోస్ కంప్యూటర్‌లో ఉంటే, దాని ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను మామూలుగా స్థానిక వరుసకే అనుమతిస్తుంది, 10.77.5 వరుసను అక్కడ విడిగా చేర్చాలి. ఫోల్డర్ జాబితా వచ్చి, పెద్ద ఫైలు కాపీ మాత్రం మధ్యలో బిగుసుకుపోతే అది సాధారణంగా ప్యాకెట్ పరిమాణం సమస్య. వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ 1420. దారిలో ఏదో నెట్‌వర్క్ అంత పెద్ద ప్యాకెట్‌ను మోయలేనప్పుడు చిన్నవి దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి. [Interface] కింద MTU = 1280 అని ఒక వరుస చేర్చి చూస్తే తేలిపోతుంది.

ప్రయాణంలో ఎదురయ్యే మరో సందర్భం కరెంటు పోవడం. ఇంట్లో కరెంటు పోయి వచ్చాక రౌటర్‌కు కొత్త ఐపీ రావచ్చు, డైనమిక్ డీఎన్‌ఎస్ ఆ మార్పును నమోదు చేస్తుంది, కానీ ల్యాప్‌టాప్ వైర్‌గార్డ్ సాధారణంగా ఆ పేరును టన్నెల్ మొదలుపెట్టినప్పుడు ఒక్కసారే అడిగి తెలుసుకుంటుంది. పాత చిరునామాకే ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది. టన్నెల్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, ఇంటికి ఫోన్ చేసి ఎవరినీ కంగారు పెట్టనక్కరలేదు. ఫైబర్ పెట్టె, రౌటర్, నాస్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయినప్పుడు రౌటర్ వెలుగుతూ ఫైబర్ పెట్టె ఆరిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. నాస్‌లో కరెంటు తిరిగి రాగానే దానంతటదే ఆన్ అయ్యే అమరికను కూడా చూసుకోవాలి.

వేగం విషయంలో ఆశలు హద్దులో ఉండాలి. బయట ఉన్న మనకు ఫైలు దిగడమంటే ఇంటి నుంచి అది ఎక్కడం కాబట్టి లెక్కలోకి వచ్చేది ఇంటి అప్‌లోడ్ వేగం. అది సెకనుకు 40 మెగాబిట్లయితే ఒక జీబీ ఫైలుకు ఎంత లేదన్నా 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైనే పడుతుంది. పాత చవక రౌటర్ల ప్రాసెసర్ ఆ వేగాన్ని కూడా అందుకోలేకపోవచ్చు. డాలస్ నుంచి అయితే దూరమే అసలు భారం. ఒక్కో ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి సుమారు పావు సెకను పడుతుంది, ఫైల్ షేరింగ్ ఒక ఫోల్డర్ తెరవడానికే అలాంటి ప్రశ్నలు ఎన్నో వేస్తుంది. వేల ఫోటోలున్న ఫోల్డర్ నిమిషాల తరబడి తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. టన్నెల్‌లో లోపం కాదు. అక్కడి నుంచి నాస్‌లోని పత్రాన్ని నేరుగా తెరిచి మార్చడం కంటే, దాన్ని ఎస్‌ఎఫ్‌టీపీతో ల్యాప్‌టాప్‌లోకి దించుకుని పని ముగించి తిరిగి పంపడం మంచిది. అందుకు ల్యాప్‌టాప్ పీర్‌కు నాస్ మీది 22వ పోర్ట్‌ను కూడా అనుమతించాలి.

కొన్ని హోటళ్లు, విమానాశ్రయాలు యూడీపీని పూర్తిగా ఆపేస్తాయి. వైర్‌గార్డ్‌కు వేరే రవాణా లేదు, తన రూపాన్ని దాచుకునే ప్రయత్నమూ చేయదు. రౌటర్‌లో 51820 బదులు 443 యూడీపీ పోర్ట్‌ను వాడితే కొన్నిచోట్ల దాటుతుంది, ఎందుకంటే వెబ్‌సైట్లు కూడా ఇప్పుడు ఆ పోర్ట్‌ను వాడుతున్నాయి. అదీ కుదరని చోట ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

ఇక ల్యాప్‌టాప్ పోతే ఏం చేయాలి? ప్రైవేట్ కీ దానిలోనే ఉంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు టన్నెల్ తెరుచుకుంటుంది. అందుకే ల్యాప్‌టాప్ డిస్క్‌కు పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉండాలి, నాస్ పాస్‌వర్డ్‌ను అందులో భద్రపరచి ఉంచకూడదు, ఒకే కీని రెండు పరికరాలకు ఎప్పుడూ ఇవ్వకూడదు. విజయవాడ దంపతుల ఏర్పాటులో ఫోన్‌కు వేరే కీ, అడ్మిన్ పేజీకి చేరే హక్కు ఉన్నాయి కాబట్టి, పోయిందని తెలిసిన క్షణంలోనే ఫోన్ మొబైల్ డేటా మీద టన్నెల్ ఆన్ చేసి, 192.168.57.1 తెరిచి, ల్యాప్‌టాప్ పీర్‌ను తొలగించి Save & Apply నొక్కవచ్చు. ఆ తర్వాత wg show జాబితాలో ఆ పబ్లిక్ కీ కనిపించకూడదు. కనిపిస్తే మార్పు ఇంకా అమల్లోకి రాలేదని అర్థం, వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయాలి.